ఏటీఎంలో తీసిన మూడు వేలు ఖర్చేనా?

ఈ నెల డబ్బులు ఎట్లా అయిపోయాయని ఏ ఇంట్లో అడిగినా జవాబు కథలాగే వస్తుంది. ఎవరొచ్చారు, ఊరికెప్పుడు పోయారు, బడి ఎప్పుడు తెరిచారు అంటూ సాగే మాటల మధ్య అక్కడక్కడ ఓ అంకె కనబడుతుంది. ఆ కథను తేదీ, పద్దు, మొత్తం అనే మూడు గడుల్లో పెట్టాలంటే బయటినుంచి చూసేవాళ్లకు గుమస్తా పనిలా ఉంటుంది. కూర్చుని చేస్తే తెలుస్తుంది, ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఏదో ఒకటి తేల్చుకోవాలని. ఇది ఎప్పటి మాట? ఈ అంకె మొత్తమా, ఒక్కోదానికా? అసలు ఇది ఖర్చేనా? ఆ మూడో ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. లెక్క దారి తప్పేది ఎక్కువగా అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హనుమకొండలో ఓ చిన్న ఉద్యోగి ఇల్లు అనుకోండి. భార్యాభర్తలు, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. మనుషులు కల్పితమే గాని ఇలాంటి నెల చాలా ఇళ్లలో గడిచే ఉంటుంది. 2025 జూన్ 15, ఆదివారం రాత్రి ఆ ఇల్లాలు ఫోనులో తమ్ముడికి చెబుతోంది, అతను రాసుకుంటున్నాడు.

“ఒకటో తారీఖు జీతం పడ్డది, నలభై రెండు వేలు. తెల్లారే కిరాయి పదకొండున్నర వేలు కొట్టినం. కిరాణ దుకాణంల పోయిన నెల ఖాతా ఉండె గదా, నాలుగు వేల రెండు, అది గూడ అప్పుడే కట్టినం. నాలుగో తారీఖు మళ్ల సామాను తెచ్చిన, ఖాతల రాయించిన, మూడు వేల ఎనిమిది వందలు. అదే రోజు ఏటీఎంల మూడు వేలు తీసిన. పాలు రోజుకు అరవై, ఊరికి పోయిన రెండు రోజులు బంద్. బస్సుల ఆయనకే టికెట్టు, పోను రాను మూడు వందల ఇరవై, నాకు పిల్లలకు జీరో టికెట్టే. మృగశిర నాడు చేపలు తెచ్చినం, కిలోన్నర, కిలో నాలుగు వందలు. పదో తారీఖు ఐదు వేల చిట్టీ, పాట పోను నాలుగు వేల రెండు వందలు కట్టినం. గురువారం బడి తెరిచిన్రు, పిల్లలిద్దరికి తొమ్మిదేసి వేలు ఫీజు, పుస్తకాలు బూట్లు అన్ని కలిపి మూడు వేల నాలుగు వందల యాభై. మొన్న కరెంటు బిల్లు పదకొండు వందల నలభై. బండిల పెట్రోలు రెండుసార్లు ఐదు వందలు. అంగడికి పోయినప్పుడల్లా కూరగాయలు నాలుగైదు వందలు. చెల్లెకు చేబదులు రెండు వేలు ఇచ్చిన, నిన్న వెయ్యి పంపింది.”

మూడు నిమిషాల మాట. ఇందులో జీతం వదిలేసి వినబడిన డబ్బునంతా కూడితే 54,890 రూపాయలు వస్తుంది. నెల సగమే అయింది, జీతమేమో 42,000. ఆ అంకె చూసి ఇల్లు మునిగిపోతోందని కంగారు పడటానికి ముందు, వాక్యాలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

తేదీలతో మొదలుపెడదాం. ఒకటి, నాలుగు, పది అని చెప్పినవాటితో ఇబ్బంది లేదు. ‘తెల్లారే’ అంటే రెండో తారీఖు. ‘నిన్న’ అనే మాట విలువ అది ఏ రోజు అన్నారో దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రాసుకునేవాడు కాగితం నెత్తిన ముందుగా వేయాల్సింది చెప్పిన రోజు తేదీ. అది లేకపోతే వారం తర్వాత ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. 15న చెప్పింది గనుక నిన్న అంటే 14, శనివారం. గురువారం అంటే 12, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన రోజు కూడా అదే కాబట్టి ఇక అనుమానం లేదు. ‘మృగశిర నాడు’ అనేది ఇంకా గట్టి ఆనవాలు. ఆ కార్తె ప్రవేశించింది జూన్ 8న, ఆదివారం. ఆ రోజు చేపలు తినడం తెలంగాణలో ఆనవాయితీ. మనవాళ్లు తేదీలు మరిచిపోయినా పండుగలు, కార్తెలు, పెళ్లిళ్లు మరిచిపోరు. అందుకే గుర్తు చేయడానికి “ఏ తారీఖు?” అని అడిగేకన్నా “బక్రీదుకు ముందా తర్వాతా?” అని అడిగితే జవాబు తొందరగా వస్తుంది. ఆ ఏడు బక్రీదు జూన్ 7న వచ్చింది. పిల్లలకు సెలవులే, ఆయనకూ సెలవు కలిసొచ్చింది కాబట్టి 6న పోయి 7న వచ్చారని అలాగే తేలింది.

ఇక ‘మొన్న’. మాటకు మాటగా తీసుకుంటే 13 కావాలి. కాని మొన్న అంటే రెండు రోజుల కిందటే అని మనలో ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు. పోయిన నెలలో జరిగిందాన్ని కూడా మొన్న అనేస్తాం. తమ్ముడు అడిగితే ఆమె ఫోనులో డబ్బు కట్టిన మెసేజ్ వెతికింది. కరెంటు బిల్లు కట్టింది 11న. చెల్లెకు పంపిన రెండు వేలకు మాటల్లో తేదీయే లేదు, అదీ ఫోనులోనే దొరికింది, 3వ తేదీ. ఫోను నుంచి పోయిన డబ్బుకు ఈ సుఖం ఉంది, రోజు, గంట, నిమిషం అన్నీ దొరుకుతాయి. చేతిలోంచి పోయిన నోటుకు అలాంటిదేం లేదు. పెట్రోలు ఏ రోజుల్లో పోయించారో ఇద్దరికీ గుర్తు లేదు. అప్పుడు ఊహించి ఒక తేదీ వేయడం కన్నా, లెక్క చెప్పిన చివరి రోజు వేసి, పక్కన ‘తేదీ సుమారు’ అని రాసుకోవడం మేలు. అందుకే మూడు గడుల పట్టికకు నాలుగో గడి ఒకటి తప్పదంటాను, గమనిక కోసం. ఊహించింది ఏదో, తెలిసింది ఏదో ఆ గడి చెబుతుంది.

అంకెల సంగతికి వస్తే, తెలుగులో డబ్బు చెప్పే తీరు వినేవాడి తెలివిని నమ్ముకుని నడుస్తుంది. పదకొండున్నర వేలంటే 11,500 అని అందరికీ తెలుసు. ‘నాలుగు వేల రెండు’ అంటే కిరాణా దుకాణం దగ్గర 4,200, ఎవరూ 4,002 అనుకోరు. కాని అదే మాట రాసేవాడు చిన్నపిల్లవాడైతే 4,002 అని వేసేస్తాడు. ‘తొమ్మిదేసి వేలు’లో ఆ ‘ఏసి’ని వదిలేస్తే సగం ఫీజు గల్లంతే. ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి తొమ్మిది వేలు, మొత్తం 18,000. చేపల దగ్గర ధర చెప్పింది గాని మొత్తం చెప్పలేదు, కిలోన్నరకు 600 అని మనమే కట్టుకోవాలి. పాలు కూడా అంతే. పదిహేను రోజుల్లో రెండు రోజులు బంద్, మిగిలిన 13 రోజులు అరవై చొప్పున 780. దీన్ని పదమూడు వరుసలుగా రాయాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నాకైతే అది చాదస్తమే. ఒకే ధరతో రోజూ నడిచేదాన్ని ఒక్క వరుసలో వేసి ‘13 రోజులు’ అని పక్కన రాస్తే చాలు.

పెట్రోలు వాక్యం మాత్రం ఎంత తెలివైనవాడికైనా అడగకుండా తేలదు. ‘రెండుసార్లు ఐదు వందలు’ అంటే రెండుసార్లు కలిపి ఐదు వందలా, ఒక్కోసారి ఐదు వందలా?

“అక్కా, పెట్రోలు ఐదొందలు ఒక్కోసారికా, రెండుసార్లకు కలిపా?”

“ఒక్కోసారికే రా. రెండు వందల యాభైకి బండి ఎంత దూరం పోతది?”

అంటే 1,000. ఇలాంటి వాక్యాలను పసిగట్టడానికి సులువైన ఉపాయం ఒకటుంది. వాక్యంలో లెక్కపెట్టే మాటలు రెండుంటే, అంటే ‘రెండుసార్లు, ఐదు వందలు’, ‘ముగ్గురికి, ఆరు వందలు’ లాంటివి వస్తే, అక్కడ ఆగి అడగాలి. కూరగాయల వాక్యంలో అలాంటివి రెండున్నాయి. ‘పోయినప్పుడల్లా’ అంటే ఎన్నిసార్లు? కాలనీలో గురువారం అంగడి, కాబట్టి 5న, 12న రెండుసార్లు. ‘నాలుగైదు వందలు’ అంటే 400 నుంచి 500 మధ్య ఏదో ఒకటి. నడుమ చూసి 450 వేసి, ‘సుమారు’ అని గమనికలో రాయాలి. ఆ మాట రాయకపోతే నెల తిరిగేసరికి 450 కూడా ఫీజు రసీదంత నిఖార్సయిన అంకెలా కనబడటం మొదలవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. డబ్బు కదిలిన ప్రతి వాక్యం ఖర్చు వాక్యం కాదు. ఏటీఎంలో తీసిన మూడు వేలు బ్యాంకులోంచి పర్సులోకి వచ్చాయి, ఇల్లు దాటి పోలేదు. పాలు, చేపలు, కూరగాయలు, పెట్రోలు కొన్నది ఆ నోట్లతోనే. అవన్నీ విడివిడిగా రాసి, మళ్లీ ఏటీఎం మూడు వేలు కూడా రాస్తే ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చైనట్టు కనబడుతుంది. ఇంటి లెక్కల్లో ఇంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు నేను చూడలేదు. అలాగని ఆ వాక్యాన్ని వదిలేయకూడదు, చివర్లో బ్యాంకు లెక్క సరిచూసుకోవడానికి అది కావాలి. అందుకని పట్టికలో ఉంచి, పద్దు దగ్గర ‘బదిలీ’ అని రాయాలి. ఖర్చు కూడేటప్పుడు బదిలీలను పక్కన పెట్టాలి.

చేబదులూ ఆ కోవలోదే. చెల్లెకు ఇచ్చిన 2,000 తిరిగి రావాల్సిన డబ్బు. అందులో వెయ్యి నిన్ననే వచ్చింది. ‘చేబదులు’ అనే ఒకే పద్దు కింద ఇచ్చింది 2,000 అని, తిరిగొచ్చింది ముందు మైనస్ గుర్తుతో −1,000 అని రాస్తే, ఆ పద్దు కూడినప్పుడు ఇంకా ఎంత రావాలో దానంతటదే తేలుతుంది. వచ్చిన వెయ్యిని కొందరు ఆదాయం కింద రాస్తారు. అప్పుడు జీతం వెయ్యి పెరిగినట్టు కనబడుతుంది.

చిట్టీ కొంచెం తిరకాసు. ఇది ఐదు వేల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు, లక్ష రూపాయలది అనుకుందాం. ఈ నెల పాటలో ఒకరు 23,000 వదులుకుని చిట్టీ ఎత్తారు. అందులో చిట్టీ నడిపేవారి కమీషన్ 7,000 పోతుంది. రిజిస్టర్ చేసిన చిట్టీల్లో ఈ కమీషన్ గరిష్ఠంగా చిట్టీ మొత్తంలో 7 శాతం దాకా ఉండొచ్చని 2019లో చట్టాన్ని సవరించారు. అంతకు ముందు అది 5 శాతం. మిగిలిన 16,000 ఇరవై మందికి పంచితే తలా 800 వస్తుంది. ఐదు వేలలో అది తీసేయగా ఆమె కట్టింది 4,200. పట్టికలో పడాల్సింది ఈ 4,200 మాత్రమే, ఎందుకంటే చేతిలోంచి పోయింది అంతే. పద్దు ‘చిట్టీ’. ఇది ఖర్చు కాదు, ఎత్తేదాకా దాచుకున్నట్టు. ఎత్తిన తర్వాత కట్టేవి అప్పు తీర్చినట్టు. రెండు సందర్భాల్లోనూ ఇల్లు గడవడానికి అయిన ఖర్చులో ఇది కలవదు. కాకపోతే నెలనెలా జీతంలోంచి పోతుంది కాబట్టి పట్టికలో మాత్రం ఉండి తీరాలి.

కిరాణా ఖాతా దగ్గర ఒక నియమం పెట్టుకోక తప్పదు. మే నెల సామానుకు జూన్ 2న 4,200 కట్టారు. జూన్ సామాను 3,800కి ఇంకా కట్టలేదు. రెండూ రాస్తే ఒక నెలలో రెండు నెలల వంట ఖర్చు కనబడుతుంది. సామాను తెచ్చిన రోజునే ఖర్చు రాయాలా, డబ్బు ఇచ్చిన రోజున రాయాలా? రెండు పద్ధతులకూ న్యాయం ఉంది. కంపెనీల లెక్కలు మొదటి దారిలో నడుస్తాయి. ఇంటికి నేను రెండోదే చెబుతాను, డబ్బు చేతిలోంచి పోయిన రోజే తేదీ. ఎందుకంటే ఆ పద్ధతిలో రాసిన లెక్కను బ్యాంకు పుస్తకంతో, పర్సుతో సరిపోల్చవచ్చు. ఈ లెక్కన 4,200 పట్టికలోకి, 3,800 ‘బాకీలు’ అనే వేరే చీటీలోకి పోతాయి. ఆ చీటీ లేకుండా ఈ పద్ధతి పట్టుకుంటే నెలాఖరున చేతిలో డబ్బు మిగిలిందని భ్రమ పడతాం.

బస్సు టికెట్టు గురించి ఒక్క మాట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు టికెట్టు లేదు. అందుకే ఆ ప్రయాణంలో నలుగురు పోయొచ్చినా రాయాల్సింది ఒక్కరి 320 మాత్రమే. సున్నా రూపాయలకు వరుస అక్కర్లేదు.

పద్దులు ఎన్ని ఉండాలి? మొదట్లో అందరూ ఉత్సాహంగా పాతిక పెడతారు, పాలకొకటి, పెరుగుకొకటి. రెండో వారానికి చేపలను మాంసంలో వేయాలా, ఆదివారం ఖర్చులో వేయాలా అన్న దగ్గర బండి ఆగిపోతుంది. ఈ ఇంటికి ఖర్చు పద్దులు కిరాయి, వంట, చదువు, బిల్లులు, ప్రయాణం చాలు. ఖర్చు కానివి బదిలీ, చేబదులు, చిట్టీ. పుస్తకాలు, బూట్లు కలిపి చెప్పిన 3,450ని విడగొట్టాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. బూట్లూ బడికోసమే కాబట్టి రెండూ చదువు పద్దులోనే పడతాయి, విడగొట్టే పనే లేదు. అదే ఆ బిల్లులో ఇంటికి పప్పు, బియ్యం కూడా ఉండుంటే తప్పక రెండు వరుసలు కావాల్సి వచ్చేది.

ఇంతవరకు తేలినవన్నీ రాశాక సరిచూసుకోవాలి. దీనికి మే 31 రాత్రి ఎంత ఉందో తెలియాలి. బ్యాంకులో 6,200, ఇంట్లో నోట్లు 1,200. రెంటినీ వేరువేరుగా చూడటం ముఖ్యం, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

బ్యాంకులోకి వచ్చినవి జీతం 42,000, చెల్లె పంపిన 1,000. మొత్తం 49,200 కావాలి. పోయినవి కిరాయి, కిరాణా, చేబదులు, ఏటీఎం, చిట్టీ, కరెంటు, ఫీజు, పుస్తకాలు, అన్నీ కలిపి 47,490. మిగలాల్సింది 1,710. ఫోనులో చూస్తే ఉన్నది 1,361. తేడా 349. ఇలాంటి అంకెను చూడగానే ఏదో తట్టాలి. కూరగాయలవాడు, ఆటోవాడు 349 అడగరు, తొమ్మిదితో ముగిసే ధర ఫోను రీచార్జిలదే. స్టేట్‌మెంటు వెతికితే 9వ తేదీన దొరికింది. ఆయన ఫోను రీచార్జి ఆయనే చేసుకున్నాడు, ఆమెకు చెప్పలేదు. కథలో లేని ఖర్చు లెక్కలో ఇలాగే బయటపడుతుంది.

నోట్ల దగ్గర 1,200కి ఏటీఎం 3,000 కలిస్తే 4,200. పాలు, చేపలు, కూరగాయలు, పెట్రోలు, బస్సు కలిపి 3,600. మిగలాల్సింది 600, పర్సులో లెక్కపెడితే 520. ఎనభై రూపాయలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. బహుశా ‘నాలుగైదు వందల’ కూరగాయల్లోనే పోయుంటాయి. దాన్ని కూరగాయల్లో కలిపేసి లెక్క సరిపోయిందనిపించాలని చెయ్యి లాగుతుంది. వద్దు. ‘తెలియనిది, 80’ అని ఒక వరుస వేయడమే సరైన పని. బ్యాంకును, నోట్లను కలిపి చూసి ఉంటే తేడా 429 అని వచ్చేది. ఆ అంకె ఏ ఆనవాలూ ఇవ్వదు, రీచార్జి దొరికేదే కాదు.

పట్టిక చివరికి ఇలా వచ్చింది:

| తేదీ | పద్దు | మొత్తం | గమనిక |
|---|---|---|---|
| 2025-06-02 | కిరాయి | 11500 | |
| 2025-06-02 | వంట | 4200 | మే కిరాణా ఖాతా |
| 2025-06-03 | చేబదులు | 2000 | చెల్లెకు |
| 2025-06-04 | బదిలీ | 3000 | ఏటీఎం |
| 2025-06-05 | వంట | 450 | కూరగాయలు, సుమారు |
| 2025-06-07 | ప్రయాణం | 320 | ఊరికి పోను రాను |
| 2025-06-08 | వంట | 600 | చేపలు, కిలోన్నర |
| 2025-06-09 | బిల్లులు | 349 | ఫోను రీచార్జి |
| 2025-06-10 | చిట్టీ | 4200 | పాట పోను |
| 2025-06-11 | బిల్లులు | 1140 | కరెంటు |
| 2025-06-12 | వంట | 450 | కూరగాయలు, సుమారు |
| 2025-06-12 | చదువు | 18000 | ఇద్దరి ఫీజు |
| 2025-06-12 | చదువు | 3450 | పుస్తకాలు, బూట్లు |
| 2025-06-14 | చేబదులు | -1000 | చెల్లె పంపింది |
| 2025-06-15 | వంట | 780 | పాలు, 13 రోజులు |
| 2025-06-15 | ప్రయాణం | 1000 | పెట్రోలు, తేదీ సుమారు |
| 2025-06-15 | తెలియనిది | 80 | నోట్ల తేడా |

తేదీని ఏడాది ముందు పెట్టి ఎందుకు రాశారని అడగవచ్చు. నోటుబుక్కులో రాసేవాళ్లు 12-6-25 అని రాసుకున్నా నష్టం లేదు. కంప్యూటరులో గూగుల్ షీట్స్ లాంటిదాంట్లో రాసేటప్పుడే ఇబ్బంది వస్తుంది. షీటు అమెరికా పద్ధతిలో పెట్టి ఉంటే 12/06/2025ని అది డిసెంబరు 6 అని చదువుతుంది, ఏమీ అనదు. పదమూడో నెల లేదు కాబట్టి 13/06/2025 దగ్గర మాత్రం చేతులెత్తేసి, దాన్ని తేదీ కాదు, ఉత్త అక్షరాలని ఊరుకుంటుంది. ఒకే నిలువు గడిలో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు ఒరిగి కనబడితే జరిగింది ఇదే. కుడికి ఒరిగినవి షీటుకు తేదీలుగా అర్థమైనవి, ఎడమకు ఒరిగినవి కానివి. సెట్టింగుల్లో దేశాన్ని ఇండియాకు మార్చితే కొత్తగా రాసేవి సరిగ్గా పడతాయి, లేదా పైన రాసినట్టు ఏడాది-నెల-రోజు అని రాస్తే ఏ పద్ధతిలోనైనా ఒకేలా చదువుకుంటుంది.

మొత్తం గడిలో మనకు అలవాటైన ‘600/-’ రాయకూడదు. ఆ గీతతో అది అంకె కాకుండా అక్షరాల కింద పడిపోతుంది, కూడిక దాన్ని సద్దు చేయకుండా వదిలేస్తుంది. తప్పు చూపిస్తే సరిదిద్దుకుంటాం గాని, వదిలేసిన సంగతే చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఇక్కడా గుర్తు అదే, ఎడమకు ఒరిగిన అంకె అంకె కాదు.

ఒక పద్దు కింద ఎంతైందో తెలియాలంటే, తేదీ A లోనూ పద్దు B లోనూ మొత్తం C లోనూ ఉన్నప్పుడు, ఖాళీ గడిలో ఇది రాస్తే చాలు:

```
=SUMIF(B2:B18,"వంట",C2:C18)
```

జవాబు 6,480 రావాలి. తక్కువ వచ్చిందంటే ఎక్కడో ‘వంట’ తర్వాత కంటికి కనబడని ఖాళీ పడి ఉంటుంది, లేదా ఒకచోట ‘వంట’ అని, ఇంకోచోట ‘వంటిల్లు’ అని రాసి ఉంటారు. మనకు రెండూ ఒకటే, షీటుకు కాదు. పద్దుల పేర్లు ప్రతిసారీ టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఆ రకంగా కూడితే కిరాయి 11,500, వంట 6,480, చదువు 21,450, బిల్లులు 1,489, ప్రయాణం 1,320, తెలియనిది 80. ఖర్చు మొత్తం 42,319. మొదట భయపెట్టిన 54,890లో ఖాతాలో ఉన్న సామాను, ఏటీఎం, చిట్టీ, చేబదులు కలిసి 13,000 ఉన్నాయి. అవి పోగా, మరిచిపోయిన 429 కలిపితే ఈ అంకె వస్తుంది.

అయినా 42,319 అంటే పదిహేను రోజులకే జీతం మించింది గదా అంటే, అది నిజమే, కాని అందులో సగం చదువుది. ఇది జూన్ కాబట్టి అలా ఉంది. దేశమంతటా ఇళ్ల ఖర్చులు సేకరించే జాతీయ సర్వేవాళ్లకు కూడా ఇదే సమస్య. వాళ్లూ ఇంటింటికీ పోయి మాటల్లో విని గడుల్లో రాసుకునేవాళ్లే. 2022-23లో, 2023-24లో జరిగిన ఇంటి వినియోగ ఖర్చుల సర్వేల్లో కూరగాయలు, చేపలు, గుడ్లు, నూనె లాంటివి గడిచిన 7 రోజుల్లో ఎంతైందని అడిగారు. చదువు, బట్టలు, చెప్పులు లాంటివి గడిచిన 365 రోజులకు అడిగారు. పప్పుధాన్యాలు, కిరాయి వంటి మిగతా చాలావాటికి 30 రోజులు. చిల్లర ఖర్చు వారం దాటితే గుర్తుండదు, ఫీజు లాంటి పెద్ద ఖర్చు ఏడాదైనా మరిచిపోరు కానీ ఏ నెలలో అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఈ ఇంటికీ అదే వర్తిస్తుంది. కూరగాయలు, పాలు వారానికోసారి చెప్పించుకుంటే ‘నాలుగైదు వందలు’ తగ్గి సరైన అంకెలు పెరుగుతాయి. చదువు పద్దును మాత్రం ఏడాది చివర్లో కూడి పన్నెండుతో భాగించి చూడాలి, జూన్‌ను జూలైతో పోల్చకూడదు.

జూన్ 16 నుంచి మొదలయ్యే కొత్త కాగితం నెత్తిన తమ్ముడు రాసుకున్నది ఇది: బ్యాంకు 1,361, నోట్లు 520. రావాల్సింది చెల్లె దగ్గర 1,000. ఇవ్వాల్సింది కిరాణా 3,800. చేతిలో ఉన్నది 1,881, జీతానికి ఇంకా రెండు వారాలు. పాలకే తొమ్మిది వందలు కావాలి. కిరాణాకు ఎలాగూ జూలై 2నే కడతారు. చెల్లె ఆ వెయ్యి ఈ వారంలో పంపుతుందా అని అతను అక్కను అడగబోతున్నాడు.